జ్వరం ఏ రోజు వచ్చింది?

ఆ రోజు బుధవారం. అంగన్‌వాడీ కేంద్రంలో టీకాల రోజు. మెడికల్ కాలేజీలో మైక్రోబయాలజీ చెప్పే నేను, రెండో సంవత్సరం ఎంబీబీఎస్ చదివే నలుగురు పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళాను. ఏఎన్ఎమ్ సిస్టర్ ముందు బెంచీ మీద ఒక తల్లి బిడ్డను ఒడిలో పడుకోబెట్టుకుని కూర్చుంది. బిడ్డకు పది వారాలు. పెంటావాలెంట్ టీకా రెండో డోసు.

"సిస్టరమ్మా, పోయినసారి సూది వేయించిన రోజు రాత్రికే ఒళ్ళు కాలిపోయింది. ఈసారీ వస్తుందా?" అని అడిగింది.

పక్కనున్న ఆమె అందుకుంది. "మా వాడికి తొమ్మిదో నెల సూది వేయించిన రోజు ఏమీ కాలేదు. పది రోజులు పోయాక జ్వరం వచ్చి, ఒంటి మీద సన్నగా ఎర్రగా పేలింది. అది సూది వల్ల కాదంటుంది మా అత్తమ్మ."

"రెండూ సూది వల్లేనమ్మా. ఇది ఆ రాత్రే వస్తుంది, అది వారం దాటాక వస్తుంది. అలాగే వస్తాయి" అంది సిస్టర్, సిరంజి తీసుకుంటూ.

నా వెనకున్న పిల్లల్ని అడిగాను, ఎందుకలా అని. ఇన్నేట్, అడాప్టివ్ తేడాల పట్టిక ముందురోజే గడగడా అప్పజెప్పినవాళ్ళు మొహాలు చూసుకున్నారు. పట్టికలో ఉన్నదే ఆ బెంచీ మీదా ఉందని వాళ్ళకు తట్టలేదు. నీట్ పీజీలో ఒక ప్రశ్న తప్పితే నాలుగు మార్కులు పోవడమే కాదు, ఇంకొకటి కోసేస్తారు. విదేశాల్లో చదివొచ్చిన మన పిల్లలు రాసే ఎఫ్ఎమ్‌జీఈలో కోత లేదు గానీ ప్రశ్నల తీరు అదే. ఇమ్యునాలజీలో ఎక్కువమంది తప్పుతున్నది చదవక కాదు, చదివింది బిడ్డ ఒంట్లో ఎక్కడ జరుగుతోందో చూడక.

మొదటి జ్వరం సంగతి చూద్దాం. పెంటావాలెంట్‌లో అయిదు జబ్బులకు మందుంది: కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్ బి, హిబ్. ఇందులో కోరింత దగ్గు భాగం చంపిన బ్యాక్టీరియా మొత్తం కణం. అది చచ్చినా దాని పైపొరలో ఎండోటాక్సిన్ అనే పదార్థం మిగిలే ఉంటుంది. తొడ కండలో కాపలా కాసే మాక్రోఫేజ్ కణాలకు దాన్ని గుర్తుపట్టే గ్రాహకాలు పుట్టుకతోనే ఉన్నాయి. ఆ బ్యాక్టీరియాను అంతకుముందు ఎప్పుడూ చూడకపోయినా, 'ఇది బ్యాక్టీరియా జాతిది' అని అవి పోల్చుకుంటాయి. వెంటనే ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6, టీఎన్ఎఫ్ అనే రసాయన సందేశాలు వదులుతాయి. అవి మెదడులో ఉష్ణోగ్రతను అదుపుచేసే హైపోథాలమస్‌కు చేరతాయి. సాయంత్రానికి జ్వరం. ఇదంతా గంటల్లో అయిపోయే పని. యాంటీబాడీలకు ఇందులో పాత్రే లేదు, మొదటి డోసుకు అవి తయారవడానికే వారం పైన పడుతుంది. కాబట్టి సూది వేసిన రాత్రి వచ్చే జ్వరం ఇన్నేట్ ప్రతిస్పందన. ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. అంతకు మించి సాగినా, బిడ్డ పాలు తాగకుండా మగతగా ఉన్నా టీకా జ్వరమేలే అనుకోకుండా డాక్టరుకు చూపించాల్సిందే.

రెండో జ్వరం దారి వేరు. తొమ్మిదో నెలలో వేసే ఎమ్ఆర్ టీకాలో తట్టు వైరస్, రుబెల్లా వైరస్ బతికే ఉంటాయి, కాకపోతే కోరలు తీసినవి. వేసిన రోజున వాటి సంఖ్య చాలా తక్కువ. అవి బిడ్డ కణాల్లో చేరి పెరగాలి. ఒక మోతాదుకు పెరిగి రక్తంలోకి వచ్చేసరికి వారం పడుతుంది. అందుకే జ్వరం ఏడో రోజుకూ పన్నెండో రోజుకూ మధ్య కనిపిస్తుంది, కొందరికి సన్నటి దద్దు కూడా. అప్పటికి టి కణాలు వైరస్ ఉన్న కణాలను వెతికి పట్టుకోవడం మొదలుపెడతాయి. ఆ దద్దు చాలావరకు ఆ వేటకు గుర్తే. ఇది అడాప్టివ్ ప్రతిస్పందన. జ్వరం ఏ రోజు వచ్చిందో చెబితే, వేసిన టీకా చంపినదో బతికున్నదో దాదాపుగా చెప్పేయొచ్చు. పరీక్షలో 'టీకా వేసిన పదో రోజు దద్దు, ఏ టీకా?' అని అడిగితే జవాబు ఇక్కడే ఉంది.

ఇన్నేట్, అడాప్టివ్‌ల మధ్య పిల్లలు జారిపడే మెట్టు ఇంకొకటుంది, అది మన భాష వల్ల వచ్చింది. ఇన్నేట్‌ను తెలుగు పుస్తకాల్లో 'సహజ' అనో 'పుట్టుకతో వచ్చే' అనో రాస్తాం. తల్లి యాంటీబాడీలు బిడ్డకు పుట్టుకతోనే వస్తాయి, సహజంగానే వస్తాయి. మరి అవి ఇన్నేట్ కావాలిగా? కావు. అవి తల్లి ఎప్పుడో జబ్బు పడో, టీకా వేయించుకునో తయారుచేసుకున్నవి, ఒక్కొక్కటీ ఒక్కో సూక్ష్మజీవికి ప్రత్యేకించినవి. అంటే ఆర్జితం. బిడ్డ తన కష్టం లేకుండా అందుకున్నాడు కాబట్టి పాసివ్, ప్రకృతే ఇచ్చింది కాబట్టి నేచురల్. 'నేచురల్ పాసివ్' అన్న జవాబుకు పక్కనే 'ఇన్నేట్' అన్న ఎర ప్రతిసారీ ఉంటుంది. ఇంటర్ జువాలజీ నుంచీ ఇదే తప్పు వెంటాడుతోంది.

తల్లి ఇచ్చిన ఈ ఆస్తి ఎలాంటిదో తెలిస్తే యాంటీబాడీ తరగతులు ఇక మరిచిపోరు. అయిదు తరగతుల్లో మాయను దాటి బిడ్డకు చేరేది ఐజీజీ ఒక్కటే. ఎందుకు? ఐజీఎమ్ అయిదు ముక్కలు కలిసిన పెద్ద అణువు కాబట్టి దాటలేదు అని చాలామంది రాస్తారు. సగమే నిజం. ఐజీఈ చూడండి, అది ఐజీజీ లాగే ఒంటి అణువు, బరువులోనూ పెద్ద తేడా లేదు, అయినా దాటదు. పరిమాణంతో పాటు చూడాల్సింది ఇంకొకటుంది. మాయ కణాల్లో ఎఫ్‌సీఆర్ఎన్ అనే గ్రాహకం ఉంది. అది ఐజీజీ తోక భాగాన్ని మాత్రమే పట్టుకుని అవతలి ఒడ్డుకు చేరుస్తుంది. ఈ రవాణా గర్భం చివరి మూడు నెలల్లో ఊపందుకుంటుంది. అందుకే నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ తల్లి దగ్గర్నుంచి తక్కువ ఐజీజీతో వస్తాడు. గర్భిణికి టీడీ సూది వేయడం వెనకున్న లెక్క కూడా ఇదే: సూది తల్లికి, పుట్టిన వారంలో ధనుర్వాతం నుంచి రక్షణ బిడ్డకు. మన దేశం 2015లో తల్లీశిశువుల ధనుర్వాతాన్ని నిర్మూలించిన దేశంగా నిలిచింది. శుభ్రమైన కాన్పులతో పాటు మాయ దాటిన ఐజీజీ చేసిన పని అది.

ఇప్పుడు ఒక ప్రశ్నను మొదటి నుంచి చివరి దాకా విప్పి చూద్దాం. తల్లికి మూడో నెల గర్భంలో దద్దు వచ్చింది. బిడ్డ తక్కువ బరువుతో పుట్టాడు, కంటిలో తెల్లటి శుక్లం ఉంది. రుబెల్లా అనుమానం. బిడ్డకు కడుపులోనే ఆ వైరస్ సోకిందని తేల్చేది ఏది? నాలుగు జవాబులు: బిడ్డ రక్తంలో ఐజీజీ, బిడ్డ రక్తంలో ఐజీఎమ్, తల్లి రక్తంలో ఐజీజీ, తల్లిపాలలో ఐజీఏ.

తల్లి ఐజీజీ తల్లి సంగతే చెబుతుంది. ముర్రుపాలలోని ఐజీఏ బిడ్డ పేగు గోడకు కాపలా, అదీ తల్లిదే. బిడ్డ ఐజీజీ మాయ దాటి వచ్చిన తల్లిదేమో తెలియదు. మిగిలింది ఐజీఎమ్. అది మాయ దాటదు కాబట్టి, బిడ్డ రక్తంలో కనిపించిందంటే బిడ్డే తయారుచేసుకున్నాడు. కడుపులో బిడ్డ అయిదో నెల నాటికే ఐజీఎమ్ చేసుకోగలడు. కొత్త శత్రువు ఎదురైనప్పుడు బి కణాలు ముందుగా వదిలేది కూడా అదే. జవాబు ఐజీఎమ్.

పరీక్ష ఇక్కడితో అయిపోయింది, ఆస్పత్రిలో అవదు. నమూనాను బొడ్డుతాడు నుంచి తీసి ఉంటే కాన్పు సమయంలో తల్లి రక్తం అందులో కలిసి ఉండొచ్చు, అప్పుడు దొరికిన ఐజీఎమ్ తల్లిది కావొచ్చు. అందుకని బిడ్డ నరం నుంచే రక్తం తీసి మళ్ళీ చూడాలి. ఐజీఎమ్ రాలేదని రుబెల్లా లేదని కొట్టిపారేయడానికీ లేదు, కొందరు బిడ్డల్లో తొలి వారాల్లో అది దొరకదు. అప్పుడు ఐజీజీనే నెల నెలా కొలుస్తారు. ఐజీజీ అర్ధాయువు ఎంతంటే పరీక్షలో సుమారు 21 నుంచి 23 రోజులని రాస్తాం. బిడ్డలో తల్లి ఐజీజీ తరుగుదలను అంచనా వేసేటప్పుడు మాత్రం వైద్యులు నెలకు సగమని లెక్క కడతారు. పుట్టినప్పుడు 64 పాళ్ళు ఉందనుకోండి. నెలకు 32, రెండో నెలకు 16, మూడో నెలకు 8. ఆరో నెలకు ఒక పాలు, అంటే దాదాపు ఏమీ లేనట్టే. ఆ నెలలో కూడా 64 దగ్గరే నిలిచి ఉంటే అది తల్లిది కాదు, బిడ్డ సొంతంగా చేస్తున్నాడు. ఇంకా ఎమ్ఆర్ టీకా వేయలేదు కాబట్టి టీకా వల్ల వచ్చిందనడానికీ వీల్లేదు. వైరస్ సోకింది నిజం. మొదట తప్పు జవాబుగా పక్కనపెట్టిన ఐజీజీయే, ఆగి రెండోసారి కొలిస్తే సాక్ష్యం చెబుతుంది. హెచ్ఐవీ ఉన్న తల్లికి పుట్టిన బిడ్డకు పద్దెనిమిది నెలల లోపు మామూలు యాంటీబాడీ పరీక్ష పాజిటివ్ వచ్చినా నమ్మకుండా వైరస్ జన్యుపదార్థాన్ని వెతికే పరీక్ష చేసేది కూడా ఈ కారణంతోనే.

తల్లి ఐజీజీ మేలే చేస్తుందనుకుంటాం. టీకాల విషయంలో ఒకచోట అడ్డుపడుతుంది, టీకా రకాలు ఎందుకు తెలియాలో అక్కడే అర్థమవుతుంది. తట్టు టీకాను పుట్టగానే ఎందుకు వేయరు? అందులోని వైరస్ బతికి, పెరిగితేనే పనిచేస్తుంది. తల్లి నుంచి వచ్చిన తట్టు ఐజీజీ దాన్ని పెరగనివ్వకుండా పట్టేస్తుంది. సూది వేశామన్న పేరే గానీ బిడ్డకు జ్ఞాపకం ఏర్పడదు. తల్లి ఐజీజీ తరిగేదాకా ఆగాలి. మరీ ఆగితే ఈలోగా తట్టు సోకుతుంది. మన దగ్గర తట్టు ముప్పు ఎక్కువ కాబట్టి తొమ్మిది నెలలు నిండగానే వేస్తాం. ఆ వయసులో వందలో సుమారు 85 మంది బిడ్డల్లో ఆ డోసు పనిచేస్తుంది. ఏడాది నిండాక వేస్తే 95 దాకా. ముప్పు తక్కువున్న అమెరికా లాంటి దేశాలు ఏడాది దాకా ఆగుతాయి. మనం 16 నుంచి 24 నెలల మధ్య రెండో డోసు వేస్తున్నది ప్రధానంగా మొదటిసారి పట్టని ఆ పిల్లల కోసమే. పరీక్షలో దాన్ని 'బూస్టర్' అని రాసే పిల్లలు చాలామంది. దాని అసలు పని మిగిలిపోయినవాళ్ళకు రెండో అవకాశం ఇవ్వడం.

హెపటైటిస్ బి టీకా దీనికి ఎదురు కథ. పుట్టిన 24 గంటల్లో వేస్తాం. తల్లికి ఆ వైరస్ ఉంటే పన్నెండు గంటల్లోపే టీకాతో పాటు, తయారుగా ఉన్న యాంటీబాడీలను కూడా ఇమ్యునోగ్లోబ్యులిన్ రూపంలో రెండో తొడలో వేస్తాం. యాంటీబాడీ టీకాను చంపేయదా అని పిల్లలు అడుగుతారు, మంచి ప్రశ్న. ఈ టీకాలో వైరస్ లేదు, దాని పైపొరలోని ఒక ప్రోటీను మాత్రమే ఉంది. అది పెరగాల్సిన పని లేదు, కాబట్టి పెరగకుండా ఆపడమన్న మాటే రాదు. వేరు వేరు చోట్ల వేస్తే రెండూ వాటి పని అవి చేసుకుంటాయి. ఇమ్యునోగ్లోబ్యులిన్ ఆ రాత్రికి కాపు, టీకా ఏళ్ళకు కాపు. ఆ ప్రోటీనును ఈస్ట్ కణాల్లో తయారుచేస్తారు. మన దేశంలో తొలిసారి ఇలా తయారైన హెపటైటిస్ బి టీకా హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ నుంచి 1997లో వచ్చింది. పెద్దలకు కోవిడ్ కాలంలో తెలిసిన పేర్లనూ ఇదే వరుసలో పెట్టుకోవచ్చు: కోవాగ్జిన్ చంపిన వైరస్, కార్బెవాక్స్ ఒక ప్రోటీను ముక్క, కోవిషీల్డ్ వేరే వైరస్ మీద ఎక్కించి పంపిన సందేశం.

బీసీజీ బతికున్న టీకాయే, మరి పుట్టగానే ఎలా వేస్తున్నారంటారా? క్షయ క్రిమి కణాల లోపల దాక్కుంటుంది, అక్కడికి తల్లి ఐజీజీ పోలేదు, అడ్డం పడలేదు. దాన్ని చూసుకునేది టి కణాలు.

పెంటావాలెంట్‌లోని హిబ్ భాగం దగ్గర కాస్త ఆగాలి. హిబ్ బ్యాక్టీరియా చుట్టూ చక్కెర పదార్థపు కవచం ఉంటుంది. ఆ చక్కెరను మాత్రమే టీకాగా ఇస్తే పెద్దవాళ్ళలో బి కణాలు స్పందిస్తాయి, రెండేళ్ళ లోపు పిల్లల్లో స్పందించవు. కారణం, చక్కెరను టి కణాలు గుర్తుపట్టలేవు. టి కణాల సాయం లేకపోతే బి కణం ఎక్కువగా ఐజీఎమ్ దగ్గరే ఆగిపోతుంది, ఐజీజీకి సరిగా మారదు, జ్ఞాపకం మిగలదు. పసిపిల్లల్లో ఆ మాత్రం కూడా జరగదు. దీనికి కనిపెట్టిన ఉపాయం చక్కెరను ఒక ప్రోటీనుకు అతికించడం, ధనుర్వాతం టాక్సాయిడ్‌కో అలాంటి మరోదానికో. బి కణం చక్కెరను చూసి మొత్తాన్ని మింగుతుంది, లోపల ప్రోటీనును ముక్కలు చేసి టి కణానికి చూపిస్తుంది. టి కణం ప్రోటీనును చూసి సాయం చేస్తుంది, ఆ సాయంతో బి కణం చక్కెర మీద ఐజీజీ తయారుచేస్తుంది. దీన్నే కాంజుగేట్ టీకా అంటారు. హైదరాబాద్ భారత్ బయోటెక్ తయారుచేసిన టైఫాయిడ్ కాంజుగేట్ టీకా కూడా ఇదే పద్ధతి, అందుకే పాత చక్కెర టీకా పనికిరాని ఆర్నెల్ల బిడ్డకు కూడా అది వేయొచ్చు. 'రెండేళ్ళ లోపు ఏ టీకా పనిచేయదు?' అన్నది పాత ప్రశ్న. 'అతికించిన ప్రోటీను ఏ కణం కోసం?' అన్నది ఇప్పటి ప్రశ్న.

ఇక ఐజీఏ. దీన్ని పుస్తకంలో కన్నా మన హైదరాబాద్ మురుగునీటిలో బాగా చదువుకోవచ్చు. 2016 ఏప్రిల్‌లో నోటి పోలియో చుక్కల్లోంచి రెండో రకం వైరస్‌ను దేశమంతా తీసేశారు. కొద్ది వారాలకే హైదరాబాద్ మురుగునీటి నమూనాలో టీకా నుంచి పుట్టి మార్పు చెందిన రెండో రకం వైరస్ బయటపడింది. ఏ బిడ్డకూ కాలు చచ్చుబడలేదు, నీటిలోనే దొరికింది. పాత చుక్కలే మళ్ళీ వేస్తే అదే రకం వైరస్‌ను మళ్ళీ ఊళ్ళోకి వదిలినట్టవుతుంది. అందుకని జూన్‌లో హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో మూడు లక్షలకు పైగా పిల్లలకు చంపిన పోలియో టీకాను సూదితో వేశారు. అదీ మామూలు అర మిల్లీలీటరు కాదు, అందులో అయిదో వంతు, చర్మం పొరలోకి.

అయిదో వంతు మందు ఎలా చాలింది? చర్మంలో డెండ్రైటిక్ కణాలు దట్టంగా ఉంటాయి. ఇన్నేట్ వైపు నిలబడి, దొరికినదాన్ని పట్టుకుని, లింఫ్ గ్రంథికి మోసుకెళ్ళి టి కణాలకు అప్పజెప్పేవి అవే. రెండు వ్యవస్థలకూ మధ్య వంతెన ఏదని అడిగితే రాయాల్సిన పేరు వాటిదే. వంతెన దగ్గరే మందు దింపితే తక్కువ మందుతో పని జరుగుతుంది. సరే, కండలోనో చర్మంలోనో వేసే టీకా రక్తంలో ఐజీజీ ఇస్తుంది, అది నరాలను కాపాడుతుంది. పేగులో వైరస్ పెరగకుండా ఆపే ఐజీఏ నోటిచుక్కల వల్లే బాగా వస్తుంది. సూది టీకా ఒక్కటే వేయించుకున్న బిడ్డ తాను నడుస్తూనే వైరస్‌ను మలంలో వదలగలడు. మరి సూదితో హైదరాబాద్‌కు ఏం మేలు? ఆ పిల్లల్లో చాలామంది అంతకుముందు చుక్కలు వేయించుకున్నవాళ్ళు. పేగు జ్ఞాపకం అప్పటికే ఉంది. అలాంటివాళ్ళకు సూది టీకా ఆ పేగు రక్షణను తిరిగి లేపుతుందని మన దేశంలోనే జరిగిన పరీక్షల్లో తేలింది. ఇప్పటికీ టీకా కార్డులో చుక్కలు, సూది రెండూ ఉండటానికి కారణం ఇదే.

ఆ బుధవారం తిరిగొచ్చేటప్పుడు ఒకమ్మాయి అడిగింది, "మేడమ్, ఆ రెండో ఆమె అత్తగారికి ఎలా చెబితే అర్థమవుతుంది?" అని. సిస్టర్ అప్పటికే చెప్పేసింది, మేము వినలేదంతే: "ఆ సూదిలోది బతికున్న మందమ్మా, పెరగడానికి వారం పడుతుంది."

తల్లులకు ఒక మాట. టీకా వేయించాక జ్వరం వస్తే, ఏ రోజు వచ్చిందో, దద్దు ఉందో లేదో బిడ్డ కార్డు మీదే ఒక మూల రాసిపెట్టండి. వచ్చేసారి సిస్టరమ్మకో డాక్టరుకో అది చూపించండి. పరీక్షకు చదివే పిల్లలు కూడా పట్టిక తెరిచే ముందు ఇంట్లోనో పక్కింట్లోనో ఒక బిడ్డ కార్డు అడిగి తీసుకుని, ఒక్కో గడి దగ్గర ఈ టీకా ఆ వయసుకే ఎందుకని రాసుకోండి. గడులన్నీ నింపడానికి ఒక సాయంత్రం చాలు.